నిప్పు లేని అగ్నిపర్వతం, మేము వేసిన ఎర్ర బొమ్మ

హేతువాదులమని చెప్పుకునే మేము ఒక అబద్ధం ఆడాం. అది వీడియోలో లేదు, వీడియో మీద అతికించిన బొమ్మలో ఉంది. ఆ బొమ్మని ఇప్పుడు అందరూ థంబ్‌నెయిల్ అంటున్నారు. అబద్ధం పట్టుబడింది కూడా మా లెక్కల్లోనే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

సంగతి ఇదీ. 2025 సెప్టెంబరులో బారెన్ ద్వీపంలోని అగ్నిపర్వతం రాజుకుంది. అది మా శ్రీ విజయపురానికి (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, మనుషులు లేని దీవి. తర్వాత అక్టోబరు 2న బారాటాంగ్‌లో బురద అగ్నిపర్వతం పెద్ద చప్పుడుతో బురద చిమ్మింది. రెండూ వెంటవెంటనే జరిగేసరికి, 2004 సునామీ చూసిన ఊరు గనక, మళ్లీ ఏదో రాబోతోందని జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

బురద అగ్నిపర్వతానికి ఆ పేరే గాని అందులో నిప్పు లేదు, లావా లేదు. భూమి లోపల ఒత్తిడికి గురైన వాయువులూ నీళ్లూ మెత్తటి మట్టిని పైకి తోస్తాయి, అంతే. 2004 సునామీకి కారణం సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన మహా భూకంపం. ఈ తేడా చెప్పడానికి మా మిత్రబృందం ఎనిమిది నిమిషాల తెలుగు వీడియో తీసింది. మాట్లాడింది నేను, కెమెరా పట్టిందీ కూర్చిందీ మా తమ్ముడి కొడుకు.

మొదట బూడిద రంగు బురద బుడగల బొమ్మ పెట్టాం. 'బారాటాంగ్ బురద అగ్నిపర్వతం' అని పేరు. రెండు వారాలు చూసి మావాడు విసుక్కున్నాడు. "బాబాయ్, ఎవడూ నొక్కడం లేదు. బొమ్మ మారుస్తాను" అన్నాడు. మార్చాడు. బారెన్ ద్వీపపు ఎర్రటి లావా, ముందు నోరు తెరిచిన ఒక మనిషి మొహం, పైన 'అండమాన్ మునిగిపోతుందా?' అన్న ప్రశ్న. లోపలి వీడియోలో ఒక్క అక్షరం మారలేదు. నాకు మింగుడు పడలేదు గాని, పదిమందికి నిజం చేరుతుందంటే ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత లెక్కలు ముందేసుకుని కూర్చున్నాం. రక్షణ శాఖ పద్దుల్లో ముప్పయ్యేళ్లు గడిపిన వాడిని, ఒక్క అంకె చూసి సంతోషించడం అలవాటు లేదు. యూట్యూబ్ స్టూడియోలో తారీఖుల వారీగా లెక్క తీయవచ్చు గనక రెండు పక్షాలనూ విడివిడిగా తీశాం. అంకెలను గుండ్రం చేసి ఇక్కడ ఇస్తున్నాను.

ముందు మాటల అర్థం చెప్పుకోవాలి. బొమ్మ ఎవరి తెర మీదనైనా సగానికి తగ్గకుండా ఒక సెకను మించి కనబడితే దాన్ని ఒక ఇంప్రెషన్ అంటారు. అలా కనబడ్డ వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారో అది క్లిక్ రేటు. నొక్కినవాళ్లు ఎంతసేపు ఉన్నారన్నది రిటెన్షన్. మొదటిది ఇచ్చిన మాటకు కొలత. రెండోది ఆ మాట ఎంతవరకు చెల్లిందన్నదానికి కొలత. వాట్సాప్‌లో పంపిన లింకు ద్వారా వచ్చినవాళ్లు క్లిక్ రేటులోకి రారు, వాళ్లను పక్కన పెడుతున్నాను.

బురద బొమ్మ 40,000 సార్లు కనబడింది. 3 శాతం నొక్కారు, అంటే 1200 మంది. సగటున 3 నిమిషాల 40 సెకన్లు చూశారు. లావా బొమ్మ కూడా దాదాపు 40,000 సార్లే కనబడింది. 8 శాతం నొక్కారు, 3200 మంది. సగటున చూసింది 1 నిమిషం 12 సెకన్లు.

మావాడు మొదటి అంకె చూసి పొంగిపోయాడు. నేను రెండూ గుణించమన్నాను. బురద బొమ్మకు 1200 మంది కలిసి 4400 నిమిషాలు చూశారు. లావా బొమ్మకు 3200 మంది కలిసి 3840 నిమిషాలే. గిరాకీ రెండున్నర రెట్లకు పైగా పెరిగి, వసూలు తగ్గిందన్నమాట! వెయ్యి ఇంప్రెషన్లకు ఎన్ని నిమిషాలు అని లెక్క కట్టుకుంటే మొదటిది 110, రెండోది 96. బొమ్మను తూచడానికి నాకు తెలిసిన తక్కెడ ఇదే. క్లిక్ రేటు ఒక్కటే చూస్తే లావా గెలిచినట్టు, రిటెన్షన్ ఒక్కటే చూస్తే బురద గెలిచినట్టు కనబడుతుంది. రెండూ కలిపితేనే సంగతి తేలుతుంది.

మావాడు ఊరుకోలేదు. "బాబాయ్, మొదటి అర నిమిషం దాటి ఉన్నవాళ్లను లెక్కపెట్టు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. బురద బొమ్మకు ముప్పయ్యో సెకను దగ్గర మిగిలింది 72 శాతం, అంటే 864 మంది. లావా బొమ్మకు మిగిలింది 34 శాతమే, కాని మనుషుల్లో లెక్కిస్తే 1088. వాడిదే పైచేయి. అయితే మేము చెప్పదలచుకున్న అసలు మాట, అంటే దీనికీ సునామీకీ సంబంధం లేదన్న వివరణ, అయిదో నిమిషంలో వస్తుంది. అక్కడి దాకా ఉన్నది బురద బొమ్మకు 38 శాతం, 456 మంది. లావా బొమ్మకు 9 శాతం, 288 మంది. పదిమందికి చేరుతుందనుకున్న నిజం ఇంకా తక్కువమందికి చేరింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. జనం వెళ్లిపోవడానికి బొమ్మే కారణమా, నా ఉపన్యాసం విసుగెత్తించిందా? దీన్ని తేల్చడానికి రెండు గుర్తులున్నాయి.

మొదటిది గీత ఆకారం. ప్రసంగం చప్పగా ఉంటే జనం ఒక్కొక్కరే లేచి వెళతారు, గీత మెల్లగా వాలుతుంది. మాట తప్పితే తలుపు దగ్గరే వెనుదిరుగుతారు, గీత మొదటి అర నిమిషంలోనే కొండ అంచులా తెగిపడుతుంది. మా గీత తెగిపడింది. ఆ తర్వాత మూడుచోట్ల చిన్న గుట్టలు లేచాయి. చూస్తే ఆ మూడూ బురద ఉడుకుతున్న దృశ్యాలు. జనం వీడియోను ముందుకు తోసుకుంటూ లావా కోసం వెతికారు! లేని లావాను వెతికించిన పాపం మాదే.

రెండోది, ఎవరు ఎటునుంచి వచ్చారన్న లెక్క. లావా బొమ్మ రోజుల్లో కూడా 'బారాటాంగ్' అని తామే వెతుక్కుని వచ్చినవాళ్లు సగటున 3 నిమిషాల 10 సెకన్లు ఉన్నారు. హోమ్ పేజీలోనో, ఇంకో వీడియో పక్కనో బొమ్మ చూసి వచ్చినవాళ్లు 46 సెకన్లు. వెతుక్కుని వచ్చినవాడు తన ప్రశ్న తాను తెచ్చుకున్నాడు. బొమ్మ చూసి వచ్చినవాడికి ప్రశ్న ఇచ్చింది మేము. రెండు రకాలవాళ్లూ ఒకేలా వెళ్లిపోయి ఉంటే తప్పు వీడియోదే అనుకునేవాణ్ణి. రెండోరకమే వెళ్లిపోయింది గనక తప్పు బొమ్మది.

మూడోసారి మళ్లీ బురద బొమ్మే పెట్టి, 'నిప్పు లేని అగ్నిపర్వతం' అని రాశాం. క్లిక్ రేటు 5 శాతం, సగటు 3 నిమిషాల 20 సెకన్లు. వెయ్యి ఇంప్రెషన్లకు దాదాపు 167 నిమిషాలు. నిజం కూడా కుతూహలం పుట్టించగలదు. మొదటి బొమ్మ తప్పు నిజం చెప్పడం కాదు, ఏ ప్రశ్నా లేకుండా చెప్పడం. క్లిక్ రేటు తక్కువగానూ రిటెన్షన్ బాగానూ ఉంటే, సరుకు కన్నా బొమ్మ తక్కువ చెబుతోందని అర్థం.

మా పరీక్షలో లోపం ఉంది, ఒప్పుకోవాలి. మూడు బొమ్మలూ వేరువేరు వారాల్లో ఉన్నాయి, చూసిన జనం ఒకరు కారు. బొమ్మ తెలిసిన చందాదారులను దాటి కొత్తవాళ్ల ముందుకు వెళ్లే కొద్దీ క్లిక్ రేటు దానంతటదే పడిపోతుంది. అది బొమ్మ తప్పు కాదు. మూడు బొమ్మల దాకా ఒకేసారి, వేరువేరు ప్రేక్షకులకు చూపించి పోల్చే సదుపాయం యూట్యూబ్ 2024లో ఇచ్చింది. అందులో గెలుపును నిర్ణయించేది క్లిక్కులు కావు, చూసిన సమయంలో ఏ బొమ్మ వాటా ఎంత అన్నది. ఈసారి అలాగే చేస్తాం.

ఇంతవరకు చెప్పింది లెక్క. లెక్కకు అందనివి రెండున్నాయి.

చిన్నప్పుడు సంతలో పాముల బుట్ట పెట్టుకుని కూర్చునే తాయెత్తులవాడిని మీరూ చూసే ఉంటారు. పాముకీ ముంగిసకీ యుద్ధం పెడతానంటాడు. జనం మూగుతారు. ఇదిగో అదిగో అంటూ గంటసేపు నిలబెడతాడు. తాయెత్తులు అమ్ముడయ్యాక బుట్ట మూసేస్తాడు. వాడి క్లిక్ రేటు గొప్పది, రిటెన్షన్ ఇంకా గొప్పది. 'ఆఖరి దాకా చూడండి' అని ఊరించే వీడియోలు ఈ జాతివే. దెయ్యాన్ని చూపిస్తానని బొమ్మ పెట్టి, నకిలీ దెయ్యాన్ని నిజంగానే చూపించేవాడు రెండు కొలతల్లోనూ నెగ్గుతాడు. ఈ కొలతలు బొమ్మకీ వీడియోకీ మధ్య ఎడాన్ని చూపిస్తాయి. వీడియోకీ సత్యానికీ మధ్య ఎడాన్ని చూపించవు. ఆ పని మనదే.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా వీధి చివర ఒక మామ్మ ఉంది, సునామీని కళ్లారా చూసిన మనిషి. ఒకరోజు సాయంత్రం నన్ను ఆపి, "బాబూ, మళ్లీ వస్తుందంట కదా, మనవడి ఫోన్లో ఎర్రగా చూశాను" అంది. ఏ వీడియో మామ్మా అని అడిగితే వీడియో చూడలేదంది. బొమ్మే చూసిందట. పోలికలు చెబుతుంటే తెలిసింది, అది మా బొమ్మే.

అప్పుడు మళ్లీ లెక్క తీశాను. లావా బొమ్మ 40,000 సార్లు కనబడితే 3200 సార్లు నొక్కారు. మిగిలిన 36,800 సార్లు జనం ఆ బొమ్మ చూసి, 'అండమాన్ మునిగిపోతుందా?' అన్నది చదివి, ముందుకు పోయారు. ఒకే మనిషికి పదిసార్లు కనబడి ఉండవచ్చు, కాబట్టి అంతమంది అనను. కాని వాళ్లెవరికీ మా జవాబు అందలేదు. వాళ్లకు రిటెన్షన్ గీత లేదు. అంటే బొమ్మ అనేది వీడియోకు వేసిన తలుపు మాత్రమే కాదు. నూటికి తొంభై రెండుసార్లు అదే మొత్తం వీడియో. లోపల ఎంత నిజం చెప్పినా, బయట రాసిన అబద్ధమే ఎక్కువసార్లు చదవబడింది.

2024 డిసెంబరులో యూట్యూబ్, మాట ఒకటీ సరుకు ఒకటీగా ఉండే బొమ్మల మీద, ముఖ్యంగా వార్తల విషయంలో, భారతదేశంలో చర్య తీసుకుంటానని ప్రకటించింది. వాళ్లు తీసుకున్నా తీసుకోకపోయినా మేము ఒక నియమం పెట్టుకున్నాం. బొమ్మ మాత్రమే చూసి పోయేవాడు కూడా అబద్ధంతో పోకూడదు. మావాడు ఒప్పుకున్నాడు. మామ్మకు మాత్రం ఆ వీడియో నేనే వెళ్లి, పక్కన కూర్చుని, అయిదో నిమిషం దాకా చూపించి వచ్చాను.