‘ఈ వయసులో కూడా’ అనకండి

జీవిత భాగస్వామి పోయి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు తోడు వెతికిపెట్టేందుకు హైదరాబాద్‌లో ‘తోడు నీడ’ సంస్థ 2010 నుంచీ పనిచేస్తోంది. పరిచయం వరకూ ఎవరైనా చేస్తారు సరే, ఆ తర్వాత మాట కలపాల్సింది మనమేగా! మగవాళ్లు చాలామంది అక్కడే తడబడతారు. అరవై దాటిన ఆవిడతో ‘ఈ వయసులో కూడా ఎంత అందంగా ఉన్నారో’ అంటే, ఆవిడ చెవిలో మిగిలేది వయసు మాటే. ‘ఈ వెంకటగిరి చీర మీకు భలే నప్పిందండీ, ఎక్కడ తీసుకున్నారు?’ అని అడిగి చూడండి, నవ్వుతూ ఆ చీర కథ చెబుతారు. ఆ కథలో ‘మా వారు కొన్నారు’ అని వస్తే కంగారుపడి మాట మార్చేయకండి. ‘ఆయన ఎంపిక బాగుందండీ’ అని, ఆయన గురించి ఇంకో రెండు మాటలు అడగండి. పోయినాయనతో పోటీకి దిగేవాడికి ఆవిడ మనసులో చోటు దొరకదు. చనువు ఆవిడే ఇవ్వాలి, అందాకా ‘గారు’ వదలొద్దు. ‘రేపు కాఫీకి వెళదామా?’ అన్నాక ‘వీలు కాకపోతే పర్వాలేదండీ’ అని చేర్చండి. మొహమాటపడకుండా కాదనగలిగే వీలు ఆవిడకుండాలి. జవాబులు పొడిపొడిగా వస్తున్నాయంటే ఇష్టం లేదనే అర్థం, ఇక రాత్రి పదింటికి వాట్సాప్‌లో గులాబీలు పంపితే ఉన్న మర్యాద కూడా పోతుంది. ఆడవాళ్లకూ ఓ మాట: తీయగా కబుర్లు చెప్పేవాడు ఎదురుగా కలవకుండానే డబ్బు సర్దమంటే, ఆ నంబరు వెంటనే బ్లాక్ చేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి.