పాక్షిక మొత్తాల వరుసను కూడా రాయించండి

సంపాదకులకు,

గత నెల మీ విద్యా పేజీలో డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థుల కోసం వేసిన గణిత పాఠంలో ఒక శ్రేణి లెక్క చేసి చూపించారు. చివర్లో, పదాలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరుతున్నాయి కాబట్టి ఆ శ్రేణి అభిసరిస్తుంది అని రాశారు. ఆ శ్రేణి అభిసరించే మాట నిజమే. కానీ చెప్పిన కారణం తప్పు. జవాబు సరిపోయింది కాబట్టి ఆ తప్పు ఎవరి కంటా పడదు, పిల్లల మనసులో అలాగే నాటుకుంటుంది. చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా వాదన ఒక్కటే. శ్రేణి లెక్క ఏది చేసినా పదాల వరుస ఒకటి, దాని కింద పాక్షిక మొత్తాల వరుస ఒకటి, రెండూ విద్యార్థి చేత రాయించాలి. మనం మొదటిది రాసి, రెండోది వదిలేసి, సూటిగా సిగ్మాలోకి దూకుతున్నాం. అనుక్రమానికీ శ్రేణికీ తేడా తెలియకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మీ పాఠంలోని లెక్కనే తీసుకుంటాను. దాని k వ పదం 1/(k(k+1)). సిగ్మా హద్దులను పుస్తకాల్లో గుర్తుకు కిందా పైనా వేస్తారు. ఇక్కడ ఒకే వరుసలో రాయాలి కాబట్టి ఇలా రాస్తున్నాను:

Σ [k = 1 … n] 1/(k(k+1))

దీన్ని చదివే పద్ధతి ఇది. k కి 1 ఇచ్చి పదం కట్టండి, తర్వాత 2 ఇవ్వండి, అలా n దాకా వెళ్లి, వచ్చిన పదాలన్నీ కూడండి. k కేవలం లెక్కపెట్టే అక్షరం. దాని బదులు j అని రాసినా, m అని రాసినా మొత్తం మారదు. n అలా కాదు, ఎక్కడ ఆగాలో చెప్పేది అదే. కాబట్టి కూడడం పూర్తయ్యాక జవాబులో n ఉండవచ్చు గానీ k ఉండకూడదు. తుది జవాబులో k కనబడితే లెక్కలో ఎక్కడో జారినట్టే. ఈ ఒక్క పరీక్ష చాలా తప్పులను పట్టిస్తుంది. పదాలెన్నో తెలియాలంటే పై హద్దులోంచి కింది హద్దు తీసేసి 1 కలపాలి. 3 నుంచి 7 వరకు అంటే నాలుగు పదాలు కావు, ఐదు.

ఇప్పుడు రెండు వరుసలూ రాద్దాం.

పదాలు: 1/2, 1/6, 1/12, 1/20, …
పాక్షిక మొత్తాలు: 1/2, 2/3, 3/4, 4/5, …

పై వరుస అనుక్రమం. కింది వరుస కూడా అనుక్రమమే, కాకపోతే పై వరుసను కూడుకుంటూ పోతే వచ్చినది. 1/2 కి 1/6 కలిపితే 2/3, దానికి 1/12 కలిపితే 3/4. పై వరుస దిగుతూ 0 వైపు పోతోంది. కింది వరుస ఎక్కుతూ 1 వైపు పోతోంది. ఒకే లెక్కలో రెండు అనుక్రమాలు, రెండు వేర్వేరు అవధులు. ఇక శ్రేణి అంటే పై వరుసలోని పదాల మధ్య కూడిక గుర్తులు పెట్టి, ఆగకుండా రాసుకుంటూ పోయిన రూపం. అంతులేని కూడికను ఎవరూ పూర్తి చేయలేరు కాబట్టి, కింది వరుసకు అవధి ఉంటే దాన్నే ఆ శ్రేణి మొత్తం అని నిర్వచించారు. అవధి లేకపోతే శ్రేణికి మొత్తం లేదు. కోషీ 1821లో అచ్చువేసిన తన విశ్లేషణ పాఠ్యపుస్తకంలో శ్రేణుల చర్చకు ఈ నిర్వచనాన్నే పునాదిగా పెట్టాడు. అంటే శ్రేణి అభిసరిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది కింది వరుస మాత్రమే. మీ పాఠం పై వరుసను చూసి తీర్పు ఇచ్చింది.

కింది వరుసలో n వ స్థానంలో n/(n+1) ఉంటుందని మొదటి నాలుగు పదాలు చూస్తే ఎవరికైనా తోస్తుంది. తోచడం వేరు, నిరూపించడం వేరు. ఇక్కడే సూచికను జరపడం అవసరమవుతుంది. 1/(k(k+1)) ను 1/k − 1/(k+1) గా విడదీయవచ్చు. కాబట్టి n వ పాక్షిక మొత్తం:

Σ [k = 1 … n] 1/k − Σ [k = 1 … n] 1/(k+1)

రెండో సిగ్మాలో j = k + 1 అనుకుందాం. k కి 1 ఉన్నప్పుడు j కి 2, k కి n ఉన్నప్పుడు j కి n + 1. లోపలి పదం 1/j అవుతుంది. అంటే రెండో సిగ్మా

Σ [j = 2 … n+1] 1/j

ఇప్పుడు రెండు సిగ్మాల లోపలా ఒకే రూపం ఉంది, హద్దులే వేరు. 2 నుంచి n వరకు ఉన్న పదాలు రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి కొట్టుకుపోతాయి. మొదటి దాంట్లో 1 మిగులుతుంది, రెండో దాంట్లో 1/(n+1) మిగులుతుంది. జవాబు 1 − 1/(n+1), అంటే n/(n+1). n పెరిగేకొద్దీ ఇది 1 కి చేరుతుంది. శ్రేణి మొత్తం 1 అని చెప్పే హక్కు ఇప్పుడు వచ్చింది.

1672లో పారిస్‌లో హైగెన్స్ యువకుడైన లైబ్నిజ్‌కు ఇచ్చిన లెక్క దీనికి దగ్గరి చుట్టం. త్రిభుజ సంఖ్యల వ్యుత్క్రమాలను, అంటే 1, 1/3, 1/6, 1/10 ఇలా అన్నిటినీ, కూడితే ఎంత అని అడిగాడు. అవి మన పదాలకు సరిగ్గా రెట్టింపు కాబట్టి జవాబు 2. ఇటలీలో మెంగోలి అంతకు ముందే, 1650లో, ఇలాంటి శ్రేణులను కూడి చూపించాడు.

సూచిక జరిపేటప్పుడు పిల్లలు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. లోపల k + 1 ని j చేస్తారు, హద్దులను మాత్రం 1, n గానే వదిలేస్తారు. లేదా హద్దులను పెంచాల్సిన చోట తగ్గిస్తారు. దీనికి సూత్రం బట్టీ పట్టించనక్కర్లేదు. జరిపాక మొదటి పదం, చివరి పదం రాసి చూడమనండి. జరపక ముందు రెండో సిగ్మాలో మొదటి పదం 1/2, చివరిది 1/(n+1). జరిపాక కూడా అవే రావాలి. పదాల సంఖ్య కూడా మారకూడదు: (n + 1) − 2 + 1 అంటే n, ముందూ n పదాలే. ఈ మూడూ సరిపోతే జరపడం సరైనదే.

జరపడం వేరు, మొదలు మార్చడం వేరు అని కూడా గట్టిగా చెప్పాలి. మన శ్రేణిని k = 3 నుంచి మొదలుపెడితే 1/2, 1/6 పోతాయి, మొత్తం 1/3 అవుతుంది. ఇది వేరే శ్రేణి. కావాలంటే దీన్ని జరిపి, j = 1 నుంచి మొదలయ్యే 1/((j+2)(j+3)) గా రాసుకోవచ్చు. అప్పుడు కూడా మొత్తం 1/3 మాత్రమే. ముందున్న కొన్ని పదాలు తీసేస్తే మొత్తం మారుతుంది, అభిసరించడం మాత్రం మారదు. మిగిలిన పాక్షిక మొత్తాలన్నిటిలోనూ ఒకే స్థిర సంఖ్య తగ్గుతుంది, అంతే.

మీ పాఠంలో ఇంకొక మెట్టు నన్ను కలవరపెట్టింది. విడదీసిన రెండు సిగ్మాలకూ పై హద్దుగా నేరుగా అనంతం వేసి, కొట్టివేతలు చేశారు. అది చెల్లదు. 1/k పదాలను అంతులేకుండా కూడితే పాక్షిక మొత్తాలు ఏ హద్దునైనా దాటిపోతాయి, ఆ శ్రేణికి మొత్తమే లేదు. విడదీశాక వచ్చిన రెండూ అలాంటివే. లేని మొత్తంలోంచి లేని మొత్తాన్ని తీసేశామన్నమాట. పై హద్దు n దగ్గర ఆపి, విడదీసి, జరిపి, కొట్టేసి, చివరగా n ను అనంతానికి పంపాలి. ఈ క్రమం తప్పకూడదు.

పదాలు సున్నాకు చేరడం చాలదనడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఇదే పద్ధతిలో తేలే మరో లెక్క చాలు. k వ పదం √(k+1) − √k అనుకోండి. పదాలు వరుసగా సుమారు 0.414, 0.318, 0.268. 99వ పదం 10 − √99, అంటే 0.05 దరిదాపు. పదాలు సున్నాకే చేరుతున్నాయి, సందేహం లేదు. ఇప్పుడు పైన చేసినట్టే సూచికను జరిపి కొట్టేస్తే n వ పాక్షిక మొత్తం √(n+1) − 1 వస్తుంది. 99 పదాలు కూడితే 9. 9999 పదాలు కూడితే 99. ఎక్కడా ఆగదు. మీ పాఠంలో చెప్పిన కారణమే నిజమైతే ఈ శ్రేణి కూడా అభిసరించాలి. కానీ ఇది అపసరిస్తోంది. రెండు లెక్కల్లోనూ పై వరుస సున్నాకే పోయింది. తేడా కింది వరుసలోనే తెలిసింది.

దీనికి తిరగేసిన మాట మాత్రం నిజం. శ్రేణి అభిసరిస్తే పదాలు సున్నాకు చేరక తప్పదు. ఎందుకంటే ఏ పదమైనా పక్కపక్కనున్న రెండు పాక్షిక మొత్తాల తేడాయే, ఆ రెండూ ఒకే అవధికి చేరుతుంటే తేడా సున్నా కావలసిందే. కాబట్టి పదాలు సున్నాకు చేరని శ్రేణిని వెంటనే తోసిపుచ్చవచ్చు. చేరే శ్రేణి గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

అన్ని శ్రేణులకూ పాక్షిక మొత్తం ఇంత చక్కని సూత్రంగా రాదన్నది నాకు తెలుసు. రాని చోట పోలిక పరీక్ష, నిష్పత్తి పరీక్ష వంటివి వాడాలి. అయితే ఆ పరీక్షలు కూడా కింది వరుస గురించే మాట్లాడతాయి. ఆ వరుసను ఒక్కసారైనా తన చేత్తో రాయని విద్యార్థికి అవి దేని గురించి చెబుతున్నాయో తెలియదు.

పేజీలో చోటు తక్కువని, రెండో వరుస రాస్తే పాఠం పెరుగుతుందని మీరు అనవచ్చు. నాలుగు సంఖ్యలకు పట్టే చోటు ఒక పంక్తి. వచ్చే సంచికలో ఆ వాక్యానికి సవరణ వేయండి. పక్కనే √(k+1) − √k లెక్కను పిల్లలకు అభ్యాసంగా ఇచ్చి, మొదటి ఎనిమిది పాక్షిక మొత్తాలు రాయమని అడగండి. ఎనిమిదోది సరిగ్గా 2 రావాలి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకురాలు, తెనాలి