వైద్యుని మాట: విమానం ఎక్కక ముందే రక్తం

మన యువజన సంఘం పిల్లలు జూన్ 13, శనివారం నాడు రక్తదానం ఏర్పాటు చేస్తున్నారు. సమయం ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు. స్థలం మన సంఘం హాలు కాదు, వార్న్‌క్లిఫ్ రోడ్ సౌత్‌లో ఉన్న కెనేడియన్ బ్లడ్ సర్వీసెస్ వారి కేంద్రం. ఈ సంగతి పత్రికలో రాయమని పిల్లలు మమ్మల్ని అడిగారు. ఒప్పుకున్నాం గాని, వాళ్ళు మొదట అనుకున్న తేదీకి మాత్రం ఒప్పుకోలేదు. వినాయక చవితి సంబరాలతో కలిపి సెప్టెంబరులో పెట్టుకుందామన్నది వాళ్ళ ఆలోచన. అలా పెడితే వచ్చినవాళ్ళలో సగంమందిని కేంద్రంవారే వెనక్కి పంపేస్తారని చెప్పాం. ఎందుకలా అన్నామో చెప్పడమే ఈ నెల శీర్షిక పని.

ముందు హాలు మాట. మన ఊళ్ళలో లయన్స్ క్లబ్బువారో, అభిమాన సంఘంవారో కల్యాణ మండపంలో మంచాలు వేయిస్తారు, బ్లడ్ బ్యాంకు వ్యాను వస్తుంది, సాయంత్రానికి అరటిపండూ బిస్కట్ ప్యాకెట్టూ ఇచ్చి పంపుతారు. ఇక్కడ రక్తం సేకరించే బాధ్యత, క్యుబెక్ తప్ప మిగిలిన దేశమంతటా, ఒకే సంస్థది. 1980లలో కలుషిత రక్తం ఎక్కించడంవల్ల ఈ దేశంలో వేలమందికి హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి సోకాయి. దానిపై జస్టిస్ క్రేవర్ విచారణ జరిపి 1997లో నివేదిక ఇచ్చారు. మరుసటి సంవత్సరం రెడ్‌క్రాస్ చేతినుంచి ఆ పని తీసేసి ఈ కొత్త సంస్థకు అప్పగించారు. అక్కడ అడిగే ప్రశ్నల పట్టిక అంత పొడుగ్గా ఉండడానికి కారణం ఆ చరిత్రే. ప్రశ్నలు చూసి చిన్నబుచ్చుకోవద్దని మనవి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన సంఘంలోని ఒక కుటుంబం తమ అనుభవాన్ని రాసుకోమని అనుమతి ఇచ్చింది. పేర్లు అవసరం లేదు. ఆ భార్యాభర్తలిద్దరూ మార్చి నెలలో రక్తమివ్వడానికి వెళ్ళారు. ఇద్దరినీ తిప్పి పంపించారు, అయితే చెరొక కారణంతో.

ఆయనకు అడ్డం వచ్చింది ప్రయాణం. ఫిబ్రవరి 3న ఇండియానుంచి తిరిగి వచ్చారు. "మేం ఏ అడవులకూ పోలేదండీ, హైదరాబాదులోనే ఉన్నాం, ఒక్క దోమ కూడా కుట్టలేదు" అని వాదించారట. ఇక్కడివారి లెక్కలో హిమాలయాల ఎత్తు ప్రాంతాలు తప్ప మన దేశమంతా మలేరియా ప్రాంతమే. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అన్నీ అందులోకే వస్తాయి. ఒక విధంగా చూస్తే మనం కాదనలేం కూడా. మలేరియా పురుగు దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే కదా!

ఆ పురుగు మనిషి ఎర్రకణాల్లో కాపురం ఉంటుంది. జ్వరం పైకి రాకముందే రక్తంలో ఉండవచ్చు. ఆ సీసా ఎక్కించుకునేది కేన్సరు మందులు వాడుతున్న మనిషో, నెలలు నిండకుండా పుట్టిన శిశువో అయితే పర్యవసానం వేరే చెప్పక్కరలేదు. పైగా ఈ దేశంలో ప్రతి సంచికీ మలేరియా పరీక్ష చేయరు. కాబట్టి "ఎక్కడికి వెళ్ళారు, ఎప్పుడు వచ్చారు" అన్న ప్రశ్న ఒక్కటే కాపలా. ఇప్పుడున్న నిబంధన ప్రకారం చుట్టపుచూపుగా వెళ్ళివచ్చినవారు తిరిగి వచ్చిన రోజునుంచి మూడు నెలలు ఆగాలి. ఆయన లెక్క మే 3తో తీరింది, జూన్ 13కి నిక్షేపంగా రావచ్చు.

అక్కడే పుట్టి పెరిగి ఇటీవల ఇక్కడ స్థిరపడినవారికి మూడు నెలలు చాలవు, మూడేళ్ళు కావాలి. ఇది వివక్ష కాదు. మలేరియా ఉన్నచోట ఏళ్ళ తరబడి బతికినవాడి శరీరం ఆ పురుగుతో ఒక రకమైన రాజీకి వస్తుంది. జ్వరం లేకుండానే అది రక్తంలో మిగిలి ఉండవచ్చు. రెండు వారాలు వెళ్ళొచ్చినవాడికి వస్తే మాత్రం జ్వరం గట్టిగానే వస్తుంది, దాచినా దాగదు. చిన్నప్పుడు మలేరియా వచ్చినట్టు గుర్తుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అలాంటివారి రక్తం సాధారణంగా తీసుకోరు.

ఇప్పుడు తేదీ సంగతి తెలిసిపోతుంది. బడులు జూన్ చివర మూస్తారు. జూలైలో మనవాళ్ళు సగం కుటుంబాలు విమానం ఎక్కుతాయి, ఆగస్టు చివరికి దిగుతాయి. అక్కడినుంచి మూడు నెలలంటే నవంబరు చివరిదాకా దారి మూసుకున్నట్టే. నవంబరు దాటగానే సంక్రాంతి ప్రయాణాలు. ఇలా మన కుటుంబాలలో చాలామందికి ఏడాదికి ఇవ్వగలిగే కాలం రెండు మూడు నెలలే మిగులుతుంది. అందుకే టిక్కెట్టు కొన్న రోజే రక్తానికి అపాయింట్‌మెంటు కూడా పెట్టుకోమంటున్నాం. ఈ మేలో పెళ్ళికని వెళ్ళి మే 20న తిరిగి వచ్చినవారు మాత్రం జూన్ 13కి రావద్దు. ఆగస్టు 20 తర్వాత వెళ్ళండి.

ఇక ఆవిడ సంగతి. వేలి చుక్కతో చూస్తే హిమోగ్లోబిన్ 12.1 ఉంది. ఇక్కడ ఆడవారికి 12.5, మగవారికి 13 ఉంటేనే తీసుకుంటారు. "నాకు నీరసం కూడా లేదే" అన్నారావిడ. ఇనుము నెమ్మదిగా తగ్గితే శరీరం అలవాటుపడిపోతుంది, నీరసం తెలియదు. మేం ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోమన్నాం. అది కొట్లో నిలవ ఎంతుందో చెప్పే పరీక్ష. హిమోగ్లోబిన్ వంటింట్లో ఎంతుందో మాత్రమే చెబుతుంది. ఆవిడ ఫెర్రిటిన్ 9. ముప్ఫైకి తక్కువంటేనే నిలవ పల్చబడిందని అర్థం, తొమ్మిదంటే కొట్టు ఊడ్చినట్టే.

ఒకసారి రక్తమిస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మన తిండిలోంచి శరీరం రోజుకు గ్రహించేది ఒకటీ రెండు మిల్లీగ్రాములు, అందులోనూ దాదాపు ఒకటి రోజువారీ ఖర్చుకే పోతుంది. శాకాహారులకు ఆ గ్రహింపు ఇంకా తక్కువ. దానికితోడు ఇడ్లీ తినీ తినకముందే కాఫీ. కాఫీ, టీ భోజనంతోపాటు తాగితే ఇనుమును పట్టి ఉంచేస్తాయి, ఒక గంట ఎడం ఇవ్వండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే మేలు చేస్తుంది. ఈ లెక్కలవల్లనే మగవారు 56 రోజులకొకసారి ఇవ్వవచ్చునంటే, ఆడవారిని 84 రోజులు ఆగమంటారు.

ఆవిడకు ఇనుము మాత్ర రోజు విడిచి రోజు వాడమని చెప్పాం. రోజూ వేసుకున్నదానికంటే అలా వేసుకుంటే బాగా ఒంటబడుతుంది, కడుపులో వికారం కూడా తగ్గుతుంది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 13 దాటింది. అయినా ఈసారికి ఇవ్వవద్దన్నాం, నిలవ ఇంకా నిండలేదు. జూన్ 13న ఆవిడ పిల్లలకు తోడు వస్తారు. కొందరికి ఎన్ని మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు, ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, ఫెర్రిటిన్ మాత్రం బాగానే ఉంటుంది. అలాంటప్పుడు తలసీమియా లక్షణం ఉందేమో చూపించుకోవాలి. మనవాళ్ళలో అది అరుదేమీ కాదు. వాళ్ళు ఏళ్ళ తరబడి ఇనుము మింగడం దండగ, హాని కూడా.

ఇంత శ్రమ మనకెందుకు, ఇక్కడివాళ్ళు చాలామంది ఇస్తారుగా అనేవారున్నారు. కెనడాలో వందమందిని తీసుకుంటే బి గ్రూపువారు తొమ్మిదిమందే. మనవాళ్ళలో సుమారు మూడోవంతు బి. ఈ దేశంలో మన జనాభా పెరిగినకొద్దీ బి రక్తం కావలసినవారూ పెరుగుతారు, ఇచ్చేవారు కూడా అందులోంచే రావాలి. గ్రూపు కలిస్తే సరిపోదు కూడా. తలసీమియా ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తారు. ఎర్రకణాలమీది చిన్నచిన్న గుర్తులు కలవకపోతే శరీరం ఎదురు తిరుగుతుంది, ఆపైన సరిపడే సంచి దొరకడం కష్టమవుతుంది. ఆ గుర్తులు ఒకే మూలం ఉన్నవారిలో కలిసే అవకాశం ఎక్కువ.

ఇంకొక వింత. 1952లో బొంబాయిలో బయటపడిన బాంబే గ్రూపు గురించి కొందరు వినే ఉంటారు. అక్కడ సుమారు పదివేలమందిలో ఒకరికి ఉంటుందని లెక్క. మామూలు పరీక్షలో అది ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. ప్లాస్మాను ఓ కణాలతో కలిపి చూస్తే అవి గడ్డకట్టి అసలు రంగు బయటపడుతుంది. అలాంటివారికి ఓ రక్తం కూడా పనికిరాదు, బాంబే రక్తమే కావాలి. తనకది ఉన్నట్టు తెలియకుండానే జీవితమంతా గడిపేవారున్నారు. రక్తమివ్వడానికి వెళ్ళినప్పుడు బయటపడినవారూ ఉన్నారు.

మన దేశంలో ఆపరేషనంటే "రెండు సీసాలు తెచ్చుకోండి" అనేవారు, బావమరిదో పక్కింటి కుర్రాడో పరిగెత్తేవాడు. మేం హౌస్ సర్జన్లుగా ఉన్న రోజుల్లో ఆ పరుగులు రోజూ చూశాం. ఇక్కడ మన చుట్టాలకు ఆపరేషనైనా మనల్ని ఎవరూ అడగరు. ఎవరూ అడగరు గనక ఎవరికీ గుర్తుండదు.

ఇక జూన్ 13 నాటి వివరాలు. వయసు 17 నిండాలి, బరువు కనీసం 50 కిలోలు. 17 నుంచి 22 ఏళ్ళ వయసువారికి ఎత్తు, బరువు రెండూ కలిపి చూస్తారు, ఎందుకంటే సన్నని పొట్టి అమ్మాయి ఒంట్లో ఉన్న రక్తమే తక్కువ. యువజన సంఘం అమ్మాయిల్లో కొందరికి ఇందువల్ల కుదరకపోవచ్చు. ప్రసవమై ఆరు నెలలు కాకపోతే రాకూడదు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు వేసుకుంటూ అదుపులో ఉన్నవారికి సామాన్యంగా అడ్డులేదు. జలుబు, జ్వరం ఉంటే మానేయండి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, మందుల పేర్లు, ఇండియా వెళ్ళివచ్చిన తేదీలు, ఉన్న ఊళ్ళు ఒక కాగితంమీద రాసుకు రండి. అనుమానం ఉంటే ముందే 1-888-236-6283 కు ఫోన్ చేసి అడగండి; నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి, వాళ్ళు చెప్పిందే చివరి మాట.

ఆ రోజు శనివారం. వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ వారం మాత్రం స్వామిని మన్నించమని అడిగి, కడుపునిండా టిఫిను తిని, అరలీటరు నీళ్ళు తాగి, కాస్త ఉప్పగా ఏదైనా నమిలి రండి. ఖాళీ కడుపుతో ఇచ్చి కళ్ళు తిరిగి పడేవారే ఎక్కువ. కళ్ళు చీకట్లు కమ్మినా, చెమటలు పోసినా సిగ్గుపడకుండా వెంటనే చెప్పండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. రక్తం తీయడానికి పది నిమిషాలు, మొత్తంమీద ఒక గంట పడుతుంది. వచ్చేవారు ముందుగా యువజన సంఘం కార్యదర్శికి తమ పేరు చెప్పి సమయం తీసుకోవాలి. జూన్ 6 లోగా చెబితే అందరినీ ఒకే పూట సర్దగలుగుతారు.