కట్టని అద్దె, చెల్లించని వడ్డీ



ఈసారి జీతాల చర్చలకు మనం టి. నగర్‌లోని హెడ్డాఫీసుకు వెళ్లినప్పుడు యాజమాన్యం మన ముందు ఒక కాస్టు షీటు పెట్టింది. కిలో నూలు తయారవడానికి 254 రూపాయలు ఖర్చవుతోందట, అమ్మేది 250కి. కిలోకు 4 రూపాయలు నష్టం. ఏడాదికి 20 లక్షల కిలోల నూలు తీస్తున్నాం కాబట్టి మొత్తం 80 లక్షల నష్టమని తేల్చారు. నష్టాల మిల్లులో జీతాలు ఎలా పెంచుతామని అడిగారు.

అదే ఏడాది ఆడిటరు సంతకం చేసిన లాభనష్టాల ఖాతాలో 1 కోటి 60 లక్షల లాభం ఉంది. ఒకే మిల్లు, ఒకే నూలు, ఒకే ఏడాది. మరి ఈ 2 కోట్ల 40 లక్షల తేడా ఎక్కడిది?

కాస్టు షీటులో చివరి రెండు వరసలు చూస్తే తెలిసింది. మొదటిది సొంత పెట్టుబడిపై వడ్డీ. యజమానుల సొమ్ము 15 కోట్లు మిల్లులో ఉంది, దానిమీద నూటికి 12 చొప్పున 1 కోటి 80 లక్షలు వేశారు. కిలోకు 9 రూపాయలు. రెండోది హెడ్డాఫీసు అద్దె. ఆ కట్టడం కంపెనీ సొంతం. అయినా బయటివాళ్లకిస్తే నెలకు 5 లక్షలు వచ్చేదని ఏడాదికి 60 లక్షలు రాశారు. కిలోకు 3 రూపాయలు.

ఈ రెండూ లెక్కల పుస్తకాల్లో ఉండవు. ఎందుకంటే ఆ డబ్బు ఎవరికీ చెల్లించలేదు, చెల్లించాల్సిన బాకీ కూడా కాదు. బ్యాంకు అప్పుపై వడ్డీ వేరు. అది నిజంగా బయటికి పోతుంది, పుస్తకాల్లోనూ ఉంటుంది. దాన్ని మనం కాదనడం లేదు. సొంత ఇంట్లో ఉండే కార్మికుడు నెల ఖర్చుల చీటీలో ఇంటద్దె 3,000 అని రాసుకుని, అప్పులపాలయ్యానని ఏడిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

అలాగని ఈ లెక్క పూర్తిగా దండగ అనలేం. అద్దె కట్టడంలో నడిచే మిల్లును, సొంత కట్టడంలో నడిచే మిల్లును పోల్చాలంటే ఇది కావాలి. కొత్త యంత్రంలో డబ్బు పెట్టాలా, మరోచోట పెట్టాలా అని తేల్చుకోవడానికీ కావాలి. అది యజమాని తనకోసం వేసుకునే లెక్క. దాన్ని గల్లాపెట్టెలోంచి పోయిన నష్టంగా చూపడమే తప్పు. కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వారి ప్రమాణాలు కూడా ఇలా ఊహించి వేసిన ఖర్చును వ్యయంలో కలపకూడదనే చెబుతాయి.

పైగా వారి పద్ధతిలోనే చూసినా ఇందులో ఒక ఖర్చు రెండుసార్లు పడింది. 15 కోట్ల సొంత పెట్టుబడిలో 3 కోట్లు ఆ టి. నగర్ కట్టడంలోనే ఉన్నాయి. ఆ 3 కోట్లపై 12 శాతం, అంటే 36 లక్షలు, వడ్డీగా వేశారు. మళ్లీ అదే కట్టడానికి అద్దె కూడా వేశారు. అద్దె వేస్తే వడ్డీ తీసెయ్యాలి, వడ్డీ వేస్తే అద్దె తీసెయ్యాలి. అద్దె ఉంచి 36 లక్షలు తీస్తే 80 లక్షల నష్టం 44 లక్షలకు దిగుతుంది. ఆ కట్టడం తరుగుదల, రిపేర్లు, పన్ను కూడా విడిగా రాసివుంటే అవీ రెండుసార్లు పడ్డట్టే.

ఇంకో విచిత్రం చూడండి. రేపు టి. నగర్‌లో అద్దెలు పెరిగి ఆ 5 లక్షలను 6 లక్షలుగా రాస్తే, మన కిలో నూలు ఖర్చు కూర్చున్నచోటే 60 పైసలు పెరుగుతుంది. రింగ్ ఫ్రేములో ఒక్క కదురూ మారదు, దూది ధర మారదు, మన చేతిపని మారదు.

బోనస్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. యజమాని సొమ్ముకు రాబడి ఇవ్వాలన్న మాట అక్కడ ముందే ఉంది. 1950లో బొంబాయి మిల్లుల కేసులో వచ్చిన ఫుల్ బెంచ్ ఫార్ములా వాటా ధనంపై నూటికి 6 పక్కన పెట్టింది. 1965 బోనస్ చట్టం వాటా ధనంపై 8.5 శాతం, రిజర్వులపై 6 శాతం తీశాకే మిగులు తేల్చింది. కానీ ఆ లెక్క మొదలయ్యేది లాభనష్టాల ఖాతాలోని లాభం నుంచి, కాస్టు షీటు నుంచి కాదు. కాస్టు షీటు నష్టంతో మొదలుపెడితే యజమాని సొమ్ముకు రాబడి రెండుసార్లు పోతుంది, కార్మికుడికి మిగులే ఉండదు.

కాబట్టి కాస్టు షీటు చూపిన ప్రతిసారీ దానితోపాటు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు అడగాలి. రెండు లెక్కలను కలిపి సరిచూసే కాగితం అది. మన విషయంలో ఆ కాగితం మూడు వరసలే: 80 లక్షల నష్టానికి చెల్లించని వడ్డీ 1 కోటి 80 లక్షలు, కట్టని అద్దె 60 లక్షలు తిరిగి కలిపితే 1 కోటి 60 లక్షల లాభం. ఆడిటరు సంతకం చేసిన అంకె అదే. వచ్చే చర్చలకు మన కమిటీ ఆ కాగితం అడిగింది. అది బల్లమీదికి వచ్చాకే జీతాల మాట.