‘రిఫండ్ సక్సెస్’ సరే... సొమ్మేదీ?

వెనక్కి పంపిన వస్తువుకు రిఫండ్ ఇచ్చేశామని అమ్మినవాళ్ల యాప్‌లో ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాలో పైసా పడదు. వినియోగదారులకు సలహాలిచ్చే వాళ్లంతా దీనికి చెప్పే మందు ఒక్కటే: ‘ఐదు నుంచి ఏడు పనిదినాలు ఓపిక పట్టండి’. ఆ ఏడు రోజులూ దాటాక ఏం చేయాలో చెప్పరు. ఆలస్యానికి ఎవరు మూల్యం చెల్లించాలన్న ప్రశ్న జోలికే పోరు. దానికి జవాబు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. రోజుకు 100 రూపాయలు.

ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సర్క్యులర్ విఫలమైన చెల్లింపుల గురించి. యూపీఐతోనో, కార్డుతోనో దుకాణదారుకు కట్టిన డబ్బు ఖాతాలోంచి కోతపడి అవతలివాళ్లకు ధ్రువీకరణ అందకపోతే ఐదు రోజుల్లో వెనక్కి రావాలి. ఆరో రోజు నుంచి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం జమ కావాలి. ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, బ్యాంకే తనంతట తాను వేయాలి. ఈ చివరి షరతు ఎంతమందికి తెలుసు? తెలిసిన బ్యాంకు ఉద్యోగి కౌంటరు దగ్గర ఎన్నిసార్లు చెప్పాడు?

‘అది విఫలమైన లావాదేవీలకే, రిఫండ్‌కు కాదు’ అని వెంటనే ఒక వాదన వస్తుంది. సర్క్యులర్‌లోని పట్టికలో దుకాణదారు రిఫండ్‌కు విడిగా వరస లేని మాట నిజమే. కానీ అదే కాగితంలో విఫలమైన లావాదేవీ అంటే ఏమిటో రాసిన వాక్యం కూడా చదవాలి కదా. సరైన వివరాలు లేక అందవలసిన ఖాతాలో జమ కాని సొమ్ము, వెనక్కి మళ్లించడం మొదలుపెట్టడంలో జరిగిన జాప్యం రెండూ అందులోకే వస్తాయని స్పష్టంగా ఉంది. పంపినవాళ్ల ఖాతాలో డబ్బు కోతపడి, అందవలసినవాళ్లకు చేరకపోతే పరిహారం అందవలసినవాళ్లకే అన్న సూత్రమూ ఉంది. అమ్మినవాళ్లు పంపేశామంటున్న రిఫండ్‌లో అందవలసిన మనిషి కొనుగోలుదారే. మరి రోజుకు 100 రూపాయలు అతనికెందుకు రావు?

డబ్బు ఎక్కడ ఆగుతుందో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. అనకాపల్లి గవరపాలెంలో ఒకాయన 1,499 రూపాయల మిక్సీని డెబిట్ కార్డుతో తెప్పించుకుని, నచ్చక తిప్పి పంపాడనుకుందాం. 2025 జూన్ 12న యాప్‌లో రిఫండ్ సక్సెస్ అని పడింది. ఆ మాటకు అర్థం ఇంతే: డబ్బు తిరిగివ్వమని అమ్మిన కంపెనీ తన పేమెంట్ గేట్‌వేకు చెప్పింది. ఆ గేట్‌వే అమ్మినవాళ్ల తరఫు బ్యాంకుకు చెప్పాలి. ఆ బ్యాంకు దాన్ని కార్డు నెట్‌వర్కులోకి పంపాలి. నెట్‌వర్కు నుంచి ఈయన బ్యాంకుకు చేరాలి. అప్పుడు ఖాతాలో జమ. టిక్కు పడింది మొదటి మెట్టు దగ్గర. గేట్‌వేలో ఆ కంపెనీ నిల్వ చాలకపోతే రిఫండ్ అక్కడే ఆగిపోవచ్చు.

సొమ్ము ఏ మెట్టు మీద ఉందో తేల్చేది రిఫరెన్స్ నంబరు. అయితే అమ్మినవాళ్లు సాధారణంగా చేతిలో పెట్టేది ఆర్డర్ నంబరో, తమ సొంత రిఫండ్ ఐడీనో. అవి వాళ్ల లెక్కల పుస్తకంలోవి, బ్యాంకులో ఎవరూ వాటితో వెతకలేరు. అడగవలసింది ఏఆర్ఎన్. కార్డు రిఫండ్‌ను అమ్మినవాళ్ల బ్యాంకు నెట్‌వర్కులోకి పంపేటప్పుడు పుట్టే 23 అంకెల సంఖ్య అది. మొదటి అంకె తర్వాతి ఆరు అంకెలు ఆ బ్యాంకు గుర్తు. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉన్న నాలుగు అంకెలు తేదీ. అక్కడ 5163 అని ఉంటే 2025లో 163వ రోజు, అంటే జూన్ 12. జూన్ 12నే పంపామని చెప్పి ఇచ్చిన నంబరులో 5181 కనిపిస్తే, జూన్ 30 దాకా కదల్లేదని అర్థం. ఎవరి మాట అబద్ధమో అంకెలే చెప్పేస్తాయి.

యూపీఐతో కట్టినవాళ్లు 12 అంకెల ఆర్ఆర్ఎన్ అడగాలి. అందులోనూ సాధారణంగా మొదటి నాలుగు అంకెలు ఇలాగే తేదీని చెబుతాయి. అయితే కట్టినప్పటి నంబరు వేరు, రిఫండ్ నంబరు వేరు. పాత నంబరు పట్టుకుని వెతికితే పాత ఖర్చే కనిపిస్తుంది.

ఏఆర్ఎన్ ఇవ్వలేకపోతున్నారంటే కార్డు రిఫండ్ ఇంకా వాళ్ల వైపే ఉండి ఉంటుంది. దీనికి మినహాయింపు ఒకటుంది. సెటిల్‌మెంట్ కాకముందే ఆర్డరు రద్దయితే అసలు ఖర్చే రద్దవుతుంది, కొత్త జమ పడదు, ఏఆర్ఎన్ ఉండదు. కాబట్టి ముందుగా పాత ఖర్చు స్టేట్‌మెంటులో మిగిలుందో లేదో చూసుకోవాలి. జమ పద్దు మీద అమ్మినవాళ్ల పేరుకు బదులు గేట్‌వే పేరు ఉండొచ్చు గనుక పేరుతో కాక మొత్తంతో వెతకాలి. ఇప్పుడు యాప్‌కు ఏ ఖాతా కలిపి ఉన్నా, రిఫండ్ వచ్చేది డబ్బు కట్టిన పాత ఖాతాకే.

ఏఆర్ఎన్ చేతికొచ్చాక బంతి మన బ్యాంకు కోర్టులో ఉన్నట్టే. అప్పుడు మొదలవుతుంది అసలు తంతు. బ్రాంచిలో ‘మా సిస్టంలో కనిపించడం లేదు, అమ్మినవాళ్లనే అడగండి’ అంటారు. కనిపించకపోవడం నిజమే కావచ్చు, కార్డు పద్దులు చూసేది కేంద్ర కార్యాలయంలోని కార్డుల విభాగం. ఆ విభాగానికి ఫిర్యాదు పంపి, ఫిర్యాదు నంబరు ఇవ్వడం బ్రాంచి పని. ఖాతాదారును వెనక్కి పంపడం కాదు. ఏఆర్ఎన్, మొత్తం, తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు రాసి రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అమ్మినవాళ్లు నంబరే ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇలా రిఫరెన్స్ నంబరు ఇవ్వడం చిన్న వ్యాపారులకు భారం అనేవాళ్లున్నారు. నంబరు పుట్టించేది బ్యాంకు, చేరవేసేది గేట్‌వే. దాన్ని తెరమీద చూపించడానికి వ్యాపారికి అయ్యే భారమేమిటి?

మన మిక్సీ ఆయన లెక్కకొద్దాం. జూన్ 17తో ఐదు రోజుల గడువు ముగిసింది. సొమ్ము జులై 10న పడిందనుకోండి. 23 రోజుల జాప్యానికి రోజుకు 100 చొప్పున 2,300 రూపాయలు. మిక్సీ ధర కన్నా ఎక్కువ. ఈ లెక్క ఒక్కసారి నిజంగా అమలైతే ‘ఓపిక పట్టండి’ అన్న సందేశం మర్నాడే మాయమవుతుంది.

అది అమలు కాకుండా చూస్తున్నది నిబంధనల్లోని మెతకదనం. 2020 ఈ-కామర్స్ నియమాలు రిఫండ్‌ను రిజర్వు బ్యాంకు చెప్పినట్టు ‘సహేతుకమైన సమయంలో’ ఇవ్వాలన్నాయి. రిజర్వు బ్యాంకేమో తన పట్టికలో రిఫండ్‌కు వరసే పెట్టలేదు. ఒకరు చూపిన తలుపు దగ్గరికి వెళ్తే అక్కడ తలుపే లేదు. సహేతుకం ఎన్ని రోజులో తేల్చేది చివరికి డబ్బు తమ దగ్గర ఉంచుకున్నవాళ్లే. కరెంటు బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే జనం దగ్గర ముక్కుపిండి వసూలు చేసే వ్యవస్థ, జనానికి తానివ్వాల్సిన చోట మాత్రం ఓపిక పాఠాలు చెబుతుంది.

రిజర్వు బ్యాంకు చేయవలసింది పెద్ద సంస్కరణేమీ కాదు. 2019 పట్టికలో ఒక్క వరస చేర్చాలి: రిఫండ్ ఇచ్చామని చెప్పిన రోజు నుంచి ఐదు రోజులు, ఆపైన రోజుకు 100 రూపాయలు, అడగకుండానే జమ. బ్యాంకు రిఫరెన్స్ నంబరు చూపకుండా రిఫండ్ సక్సెస్ అని ప్రకటించడాన్ని నిషేధించాలి. అంతవరకు కొనుగోలుదారులు కూడా ఆకుపచ్చ టిక్కును రసీదుగా ఒప్పుకోవద్దు. నంబరు లేని రిఫండ్ ఇవ్వని రిఫండే.