చెంపదెబ్బ ముందే మోగితే

మా షార్ట్ ఫిల్మ్‌లో తండ్రి కొడుకుని లాగిపెట్టి కొట్టే సీన్‌కి హాలంతా నవ్వింది. ఆ సీన్ కోసం మా జూనియర్ నిజంగానే రెండు దెబ్బలు తిన్నాడు. నటనలో తప్పేమీ లేదు. తప్పు సౌండ్‌ది, అంటే నాది.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ వెనక గల్లీలో మా రూమ్. ఎడిటింగ్ అంతా అక్కడే, రాత్రిపూట, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. అసలు కొంప ముంచింది అవే. నా ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం సుమారు 0.2 సెకను ఆలస్యంగా వస్తోంది. 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది అయిదు ఫ్రేములు. దెబ్బ లేటుగా పడుతోంది అనుకుని క్లిప్‌ని అయిదు ఫ్రేములు ముందుకి జరిపేశాను. హాల్లో స్పీకర్లకి వైరు కాబట్టి ఆ ఆలస్యం లేదు. తండ్రి చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే "ఫట్" మంది. నవ్వరా మరి!

శబ్దం కాస్త లేటైతే మనిషి క్షమిస్తాడు, ముందొస్తే క్షమించడు. దూరంగా బట్టలు ఉతికేవాళ్లని చూడండి, గుడ్డ బండని తాకాకే చప్పుడు వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ మన చెవికి అదే అలవాటు. టీవీ ప్రసారాల కోసం ఐటీయూ పెట్టిన లెక్కలో కూడా శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పట్టేస్తారు, వెనకబడితే 125 దాకా గమనించరు. ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 42 మిల్లీసెకన్లు. అంటే ముందుకి మనకున్న సందు ఒక్క ఫ్రేమే. స్పీకరుకి 14 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి గాలే ఇంకో ఫ్రేమ్ లేటు చేస్తుంది, దాన్ని వదిలేయొచ్చు.

సరే, మళ్లీ కూర్చున్నాం, ఈసారి వైరు ఇయర్‌ఫోన్స్‌తో. సినిమా చెంపదెబ్బలో చెయ్యి నిజంగా తగలకపోవచ్చు. అందుకని చేతిని కాదు, ముఖాన్ని చూడాలి. ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ వెళ్లి, ముఖం తిరగడం మొదలైన మొదటి ఫ్రేమ్ మీద మార్కర్ పెట్టాం. తర్వాత సౌండ్ ఫైల్. నెట్‌లో దొరికే దెబ్బల్లో చాలావాటికి ముందు "హుష్" అనే గాలి చప్పుడుంటుంది. ఫైల్ మొదలుని మార్కర్‌కి ఆనిస్తే దెబ్బ ఆ మేరకు వెనక్కి పోతుంది. వేవ్‌ఫార్మ్‌ని పెద్దది చేసి, నిటారుగా లేచిన చోటుని మార్కర్ మీదికి తేవాలి. చివరికి ఆ ఫైల్ కూడా తీసేశాం. ఆఖరి రైలు వెళ్లిపోయాక, చపాతీ పిండి ముద్దని అరచేత్తో కొట్టి మేమే రికార్డ్ చేసుకున్నాం. ఇంట్లో జరిగే దెబ్బకి ఫైట్ సీన్ "ఢిష్యుం" ఎందుకు?

ఇక మ్యూజిక్. ఇక్కడ నాకూ మా ఎడిటర్‌కీ గొడవ. వాడికి తలుపు తీసినా, గ్లాసు పెట్టినా, తండ్రి తలెత్తినా ఒక "ధడ్" కావాలి. "ఇంపాక్ట్ రా మామా" అంటాడు. అన్నిటికీ ధడ్ మంటే ప్రేక్షకుడు అసలైనదాన్ని కూడా లెక్కలో వేసుకోడు అని నా వాదన. మూడింటినీ కొట్టేసి ఒక్కటే ఉంచాను, చెంపదెబ్బ.

దెబ్బ సినిమాలో 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఉంది. మా ట్రాక్‌లో బరువైన బీట్ 32వ సెకను దగ్గర. రెండూ ఒకచోట పడాలంటే వెనక నుంచి లెక్కేయాలి. ట్రాక్ 1 నిమిషం 38 సెకన్ల దగ్గర మొదలవ్వాలి. అక్కడ తల్లి మాట్లాడుతోంది. అందుకని మొదటి ఎనిమిది సెకన్లు కోసేసి, ఆవిడ మాట అయ్యాక మెల్లగా పైకి తెచ్చాం.

తర్వాత ఇంకో పని చేశాం. ట్రాక్ నిమిషానికి 100 బీట్లు, అంటే బీట్‌కి 0.6 సెకను. దెబ్బకి రెండు బీట్ల ముందు, 1.2 సెకన్ల ముందు, మ్యూజిక్‌ని ఆపేశాం. చెవి మాత్రం లెక్కపెట్టడం ఆపదు. మూడో బీట్ రావాల్సిన చోట చెంపదెబ్బ వస్తుంది. ఆ సందులో పూర్తి నిశ్శబ్దం పెడితే స్పీకర్ పోయిందనుకుంటారు. అందుకే మా రూమ్ ఫ్యాన్ హోరు, కింద దూరంగా ఒక బస్సు హారన్, సన్నగా ఉంచాం.

మళ్లీ అదే హాల్లో వేశాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకమ్మాయి "అయ్యో" అంది. మా ఎడిటర్ మాత్రం గ్లాసు దగ్గర ధడ్ పెట్టుంటే ఇంకా బాగుండేదని ఇప్పటికీ అంటున్నాడు.