అద్దె వాటా – అడిగే పద్ధతి

ఒకే గదిలో కాపురముండే మిత్రుల నడుమ పుట్టే కలతలలో చాలా భాగం, డబ్బు లేకపోవడం వలన గాక, అడగవలసిన వేళ అడగకపోవడం వలన పుట్టుతున్నవని మా అభిప్రాయం. మొగమాటంతో కొన్నాళ్లు ఊరకుండి, తుదకు ఓర్పు నశించి పలికే మాటలో బాకీతో పాటు అన్నాళ్ల ఉక్రోషమూ చేరుతుంది.

మేము ఎం.ఏ. చదివే రోజులలో మరి ఇద్దరు మిత్రులతో ఒక పోర్షనులో ఉండేవారము. అద్దె 6,000 రూపాయలు. దానిని ఐదవ తేదీన ఇంటి యజమానికి చెల్లించే బాధ్యత మాది. ఒక నెల ఒక మిత్రుని వాటా అందలేదు. మా చేతి డబ్బు వేసి చెల్లించి, వారం రోజులు మౌనం వహించాము. పన్నెండవ తేదీ రాత్రి భోజనాల వద్ద, మూడవ మిత్రుని ఎదుటనే, "సినిమాలకు మాత్రం డబ్బులుంటాయి కాబోలు" అని ఎత్తిపొడిచాము. అతడు మరునాడే ఎక్కడో అప్పు చేసి తెచ్చి ఇచ్చినాడు. అతని స్కాలర్‌షిప్పు ఇంకా జమ కాలేదన్న సంగతి మాకు తరువాత తెలిసింది. బాకీ తీరింది గాని పూర్వపు చనువు తిరిగి రాలేదు.

అటుపిమ్మట పద్ధతి మార్చుకున్నాము. ఒకటవ తేదీననే అందరికీ ఒకే సందేశం: "అద్దె 6,000, కరెంటు 450, తలకు 2,150. మూడవ తేదీలోగా ఇద్దాం." అందరికీ ఒకేసారి చెప్పిన మాట గనుక ఎవరినీ వేలెత్తి చూపినట్లు కాదు, యజమాని గడువుకు రెండు రోజుల వెసులుబాటు కూడా మిగులుతుంది.

మూడవ తేదీ సాయంత్రానికీ అందకపోతే, ఆ మిత్రుడు ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి: "భాయ్, ఎల్లుండి ఓనరుకు ఇవ్వాలి గదా, నీ 2,150 ఎప్పటికి సర్దగలవు?" ఇందులో కీలకమంతా "ఎప్పటికి" అన్న మాటలో ఉన్నది. "ఎందుకివ్వలేదు" అంటే అతడు సంజాయిషీ చెప్పుకోవాలి. "ఎప్పటికి" అంటే తేదీ చెబితే చాలును. ఇబ్బంది ఉన్నదంటే, ఇప్పుడు 1,000, పదిహేనవ తేదీకి 1,150 అని ఇద్దరూ అంగీకరించి వ్రాసుకోవాలి. పదిహేను వచ్చేదాకా ఆ ఊసే ఎత్తరాదు. రోజూ గుర్తు చేయడం కూడా ఒక విధమైన వేధింపే.

అయితే దీనికీ ఒక హద్దున్నది. చెప్పిన తేదీలు వరుసగా మూడు నెలలు తప్పితే అది మరపు కాదు; ఆ అద్దె అతని శక్తికి మించినదన్నమాట. అప్పుడు కావలసినది మరొక జ్ఞాపిక కాదు. ముగ్గురూ కూర్చుండి, మరొకరిని చేర్చుకొని వాటా తగ్గించుకోవడమా, లేక తక్కువ అద్దె గదికి మారడమా అన్నది తేల్చుకోవడం మేలు.